వెనక వరసకు కనిపించని బ్యానరు ఎవరికోసం?

ఉగాది దగ్గర పడింది. మన హోసూరు సంఘం గుంపులో మళ్ళీ ఫ్లెక్స్ డిజైను వచ్చేస్తుంది. యథాప్రకారం పది నిమిషాల్లో నలభై చప్పట్ల బొమ్మలు, ఇరవై దండాలు, 'సూపర్ అన్నా'లు పడతాయి. ఎవరో ఒకరు వేళ్ళతో పెద్దది చేసి చూసి, తమ పేరులో దీర్ఘం పోయిందని చెప్తారు. అది సరిచేస్తారు. డిజైను ఖాయమైపోతుంది. కల్యాణమంటపంలో ఆఖరి వరస నుంచి ఈ అక్షరాలు చదవగలమా అని మాత్రం ఎవరూ అడగరు. ఫోటోలో మనుషులు నిలబడినాక వీటిలో ఏవి మిగుల్తాయని కూడా అడగరు. ఈసారైనా ఆ రెండు ప్రశ్నలు అడక్కుండా డబ్బు కట్టొద్దు అనేదే నా మాట. మెత్తగా చెప్తే ఇన్నేళ్ళూ ఎవరికీ ఎక్కలేదు, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను.

ముందు పోయిన ఉగాది బ్యానరు చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. పైన గణపతి, పక్కన మామిడాకుల తోరణం, కలశం. ఎడమ వైపు ఆరుగురు పెద్దల ముఖాలు, కుడి వైపు ఇంకో ఆరుగురు. మధ్యలో 'శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది సంబరాలు' అని ఎరుపు మీద పసుపు అక్షరాలు, వాటికి తెల్ల అంచు, అంచుకి మళ్ళీ నల్ల నీడ. దాని కింద ఇంగ్లీషులో అదే మాట, తెలుగు కన్నా పెద్దది. ఇంకా కింద తేదీ, స్థలం, దాతల పేర్లు, కార్యవర్గం పేర్లు. ఆ మంటపంలో స్టేజీ నుంచి ఆఖరి కుర్చీల వరస దాకా 80 అడుగులు. నేను పోయి అక్కడ కూర్చున్నాను. గణపతి తెలిసినాడు. పసుపు గీత ఒకటి తెలిసింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ, బెంగుళూరులో కంటిశుక్లం ఆపరేషనుకి తేదీ తీసుకున్నావిడ, "ఏ సంవత్సరంరా ఇది?" అని అడిగింది. ఎదురుగా గోడంత బ్యానరు ఉంది, ఆమెకు తెలుగు చదవడం వచ్చు, అయినా నన్ను అడగాల్సి వచ్చింది.

ఇది ఆమె కంటి తప్పు కాదు, లెక్క తప్పు. లెక్క ఏందో చెప్తాను, కష్టమైంది కాదు.

కంటి డాక్టరు దగ్గర గోడకు తగిలించే అక్షరాల బోర్డు గుర్తుందా? అందులో 6/6 గీత చదివేవాళ్ళది మంచి చూపు అంటారు. ఆ మంచి చూపు 80 అడుగుల నుంచి అతి కష్టం మీద గుర్తుపట్టగలిగేది దాదాపు ఒకటిన్నర అంగుళాల ఇంగ్లీషు పెద్దక్షరాన్ని. 6/12 చూపు ఉన్నవాళ్ళకి, అంటే మన పెద్దవాళ్ళలో చానామందికి, అదే దూరంలో మూడు అంగుళాలు కావాలి. అది కూడా కళ్ళు చికిలించి, ఊహించి పట్టుకునే హద్దు. హాయిగా చదవాలంటే దానికి రెండు మూడింతలు ఉండాలి. బోర్డులు రాసేవాళ్ళు పది అడుగుల దూరానికి ఒక అంగుళం అని ఒక లెక్క వాడతారు. 80 అడుగులకు 8 అంగుళాలు. బాగుంది. అయితే ఆ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకు కట్టింది. ఆ అక్షరాలకు పైన గుడి లేదు, కింద వత్తు లేదు. మనవాళ్ళు దాన్ని తెలుగుకి అతికించేచోటే మోసం జరుగుతుంది.

'శ్వా' రాయండి. నడుమ 'శ', పైన దీర్ఘం, కింద 'వ' వత్తు. 'త్స' రాయండి, కింద 'స' వత్తు. డిజైనరు "అక్షరం 8 అంగుళాలు పెట్టినా సార్" అన్నప్పుడు ఆయన కొలిచింది గుడి నెత్తి నుంచి వత్తు పాదం దాకా. అంటే అసలు అక్షరం నాలుగు అంగుళాలు, వత్తు రెండు అంగుళాలు. 80 అడుగుల నుంచి ఆ రెండు అంగుళాల వత్తు మంచి చూపుకే అంతంత మాత్రం. పెద్దమ్మ చూపుకి ఆ వత్తు అసలు లేనట్టే. తెలుగులో మాటకు మాటకు తేడా చూపించేది చానాసార్లు ఆ చిన్న ముక్కలే. పొట్టలో చుక్క కనపడకపోతే 'థ' కాస్తా 'ధ' అవుతుంది. కింది గీత పోతే 'ధ' కాస్తా 'ద' అవుతుంది. దూరం నుంచి మొదట మాయమయ్యేవి ఈ చుక్కలు, గీతలు, వత్తులే. గుండ్రటి పొట్టలు మాత్రం మిగుల్తాయి, అవన్నీ ఒకే మాదిరి కనిపిస్తాయి. వెనక నుంచి చూస్తే తెలుగు బ్యానరు జాంగ్రీల పళ్ళెంలా ఉంటుందని మా చిన్నాయన ఎగతాళి చేసేది ఇందుకే.

కాబట్టి కొలత వత్తుకి కట్టండి, మొత్తం వరసకు కాదు. 80 అడుగుల మంటపానికి వత్తు నాలుగు అంగుళాలు ఉండాలి. అప్పుడు అసలు అక్షరం, అంటే గుడీ వత్తూ వదిలేసి నడుమ ఉండే వొళ్ళు, 8 అంగుళాలు అవుతుంది. గుడి, వత్తు కలుపుకుని వరస మొత్తం 15 అంగుళాల ఎత్తు తీసుకుంటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఈ బాధ లేదు కాబట్టి నాలుగు అంగుళాలు పెడితే చాలు, వెనకకు తెలుస్తాయి. ఇంగ్లీషు సైజు తెలుగులో సగం ఉండాలని నేను అనేది భాషాభిమానంతో కాదు. దానికి అంతకన్నా అవసరం లేదు, తెలుగుకి ఉంది. మనం చేసేది మాత్రం సరిగ్గా తలకిందులు.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు నాకు తెలుసు. "ఏమప్పా, ఈ కాలం పిల్లోళ్ళకు తెలుగు చదవడం వస్తుందా? ఇంగ్లీషు పెద్దగా ఉంటేనే కదా తెలిసేది!" మాట నిజమే. తమిళనాడులో 2006 చట్టం వచ్చినాక ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లల నుంచి బడిలో తమిళం తప్పనిసరి అయింది. హోసూరు పక్క తెలుగు చదువుకున్న తరం ఎక్కడ ఆగిపోయిందో మన ఇళ్ళలోనే లెక్క పెట్టుకోవచ్చు. ఆ తరవాతి పిల్లలకు ఇంట్లో అమ్మమ్మ నేర్పిన నాలుగు అక్షరాలే దిక్కు. వాళ్ళు కూడబలుక్కుని చదువుతారు, ఒక్కో అక్షరం మీద ఆగుతారు. అట్లాంటి వాళ్ళకు అక్షరం ఇంకా పెద్దగా, ఇంకా శుభ్రంగా ఉండాలా, చిన్నగా ఉండాలా? బాగా చదవడం వచ్చినవాడు సగం వత్తు కనపడకపోయినా అలవాటుతో మాట పూర్తి చేసుకుంటాడు. నేర్చుకునేవాడికి ఆ అలవాటు ఉండదు. ఏడాదికి ఒకసారి ఆ పిల్లల కంటి ముందు మనిషెత్తు తెలుగు నిలబడే చోటు ఆ స్టేజీ ఒక్కటే. వాళ్ళకు రాదనే సాకుతో దాన్ని చిన్నది చేస్తే, వచ్చే ఏడుకి ఆ సాకు ఇంకొంచెం నిజమవుతుంది.

ఇప్పుడు ఫోను సంగతి. ఫోన్లో చూసి ఖాయం చేయడమే తప్పు అని నేను కూడా అనేవాళ్ళను విన్నాను. తప్పు ఫోనుది కాదు. లెక్క చూడండి. 20 అడుగుల బ్యానరును 80 అడుగుల నుంచి చూడటం అంటే దాని వెడల్పుకి నాలుగింతల దూరం నుంచి చూడటం. ఫోను నిలువుగా పట్టుకుంటే ఆ డిజైను బొమ్మ వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు. దానికి నాలుగింతలు 28 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక అడుగు. మనం మామూలుగా ఫోను పట్టుకునే దూరమే అది! కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన డిజైనును నిలువు ఫోనులో, అడుగు దూరంలో, వేలు పెట్టకుండా చూస్తే కనపడేదే ఆఖరి వరసలోవాళ్ళకు కనపడేది. అబద్ధం చెప్పేది మన రెండు వేళ్ళు. వేళ్ళతో పెద్దది చేసిన క్షణం మనం లేచి స్టేజీ ముందుకు పోయి నిలబడినట్టు.

పెద్దవాళ్ళ చూపుకి పరీక్ష కావాలంటే మంచి చూపు ఉన్న మనిషి అదే ఫోనును రెండడుగుల దూరంలో పట్టుకుని చూడాలి. చదువుకునే అద్దాలు వాడేవాళ్ళు అవి పెట్టుకునే చూడాలి, లేకపోతే పరీక్ష బ్యానరుకి కాదు, అద్దాలకు అవుతుంది. వేరే మంటపమైతే అక్కడి దూరాన్ని బ్యానరు వెడల్పుతో భాగించి, వచ్చిన దాన్ని ఫోనులో బొమ్మ వెడల్పుతో గుణించుకుంటే సరి. ఒక మాట గుర్తుంచుకోండి, ఫోను తెర వెనక వెలుగు ఉంటుంది, ఫ్లెక్సుకి ఉండదు. పైగా మెరిసే ఫ్లెక్స్ మీద స్టేజీ లైటు పడితే అక్కడ తెల్ల మచ్చ ఏర్పడి అక్షరాలు మింగేస్తుంది. కాబట్టి ఫోన్లో బొటాబొటిగా తెలిసేది మంటపంలో తెలియదనే అనుకోండి. డిజైనుకి ముందే మ్యాట్ రకం అడగండి.

అక్షరాల అంచులు, నీడలు, బంగారు రంగు పొంగులు గురించి ఎక్కువ చెప్పను. వత్తుకీ అక్షరానికీ మధ్య ఉన్న సందును అంచు పూడ్చేస్తుంది. ముదురు రంగు మీద లేత అక్షరం, ఒక్కటే రంగు, చాలు. మందమైన అక్షరాలు కావాలనుకుంటే రామభద్ర ఉంది, అది శీర్షికల కోసం చేసిందే. అయితే అంత మందంలో పొట్టలు ఇరుకవుతాయి, కాబట్టి వెనక వరస పరీక్షలో దాన్నీ, సన్నగా ఉండే మండలినీ పక్కపక్కన పెట్టి చూసి తేల్చుకోండి. రెండూ ఊరికే దొరుకుతాయి.

ఫోటో సంగతికి వస్తే నా కోపం ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే మంటపంలో వెనక కూర్చున్నవాళ్ళ నష్టం ఆ సాయంత్రంతో పోతుంది, ఫోటోది పోదు.

ఈ బ్లాగు కోసం మన ఇళ్ళలోని పాత ఫోటోలు ఒకచోట చేర్చి, ఏది ఏ ఏడుదో రాసుకుంటున్నాం కదా. వాటిలో 1980ల నాటివి కొన్ని ఉన్నాయి. వెనక మెరూన్ రంగు తెర, దాని మీద గుండుసూదులతో గుచ్చిన థర్మోకోల్ అక్షరాలు, ఊరు, పండగ, సంవత్సరం. రంగు వెలిసినా ఇప్పటికీ చదవచ్చు. ఫ్లెక్స్ వచ్చిన తరవాతి ఫోటోలు చూస్తే ముఖాలు స్పష్టంగా ఉంటాయి, వెనక '…ది సంబ…' అని ఒక ముక్క, ఎవరిదో సగం మీసం, ఒక దాత దుకాణం ఫోను నంబరు. ఏ ఏడో తెలీదు. దుశ్శాలువా కప్పించుకుంటున్న మామను అడిగితే ఆయనకే గుర్తు లేదు. కారణం నాకు తట్టింది ఇది. థర్మోకోల్ అక్షరం ఒక్కొక్కటీ చేత్తో కోయాలి. కోసేవాడి వేళ్ళు నొప్పి పుడతాయి కాబట్టి మాటలు తగ్గించేవాళ్ళు. ఫ్లెక్సుకి చదరపు అడుగు లెక్కన డబ్బు. అందులో పది అక్షరాలు ఉన్నా వెయ్యి ఉన్నా ధర ఒకటే. ఉచితం కదా అని మనం పోసేశాం.

ఫోటోలో ఏం మిగుల్తుందో కూడా లెక్క కట్టచ్చు. స్టేజీ ఎత్తు 3 అడుగులు. ఫోటోగ్రాఫరు కింద నిలబడి కంటి ఎత్తున, అంటే నేల నుంచి 5 అడుగుల ఎత్తున కెమెరా పట్టుకుంటాడు. స్టేజీ పలక నుంచి చూస్తే కెమెరా ఎత్తు 2 అడుగులే. సన్మానం చేయించుకునే మనిషి ఆయనకు 12 అడుగుల దూరంలో స్టేజీ అంచున నిలబడినాడు, ఎత్తు అయిదున్నర. బ్యానరు ఆయనకు ఇంకో 6 అడుగులు వెనక. కెమెరా కింద నుంచి పైకి చూస్తుంది కాబట్టి ఆ మనిషి తల బ్యానరు మీద అయిదున్నర అడుగుల దగ్గర ఆగదు, ఇంకా పైకి పోతుంది. కెమెరా కన్నా తల మూడున్నర అడుగులు ఎత్తు. 12 అడుగుల దూరంలో మూడున్నర అయితే 18 అడుగుల దూరంలో అయిదుంబావు. దానికి కెమెరా ఎత్తు రెండు కలపండి, 7 అడుగుల 3 అంగుళాలు. 8 అడుగుల బ్యానరులో తల పైన మిగిలింది 9 అంగుళాలు! అక్కడ మనం పెట్టింది ఏంది? మామిడాకులు.

వెడల్పు సంగతీ అంతే. ముగ్గురు నలుగురు నిలబడిన ఫోటోలో మనుషుల దగ్గర 8 అడుగుల వెడల్పు పడితే, వెనక బ్యానరు దగ్గర 12 అడుగులు పడుతుంది. 20 అడుగుల పొడుగునా పరిచిన వాక్యం అందులో ఎట్ల పడుతుంది? అందుకే '…ది సంబ…'.

ఇప్పుడు వచ్చే ఉగాదికి దీన్ని సరిచేద్దాం. వచ్చేది పరాభవ. పేరు వినగానే కార్యవర్గంలో కొంతమంది ముఖం ముడుచుకున్నారని విన్నాను, అరవై ఏళ్ళలో దాని వంతు అది, వదిలేయండి. పాత పద్ధతిలో రాస్తే 'శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది సంబరాలు'. 8 అంగుళాల వొళ్ళుతో రాస్తే ఒక్కో అక్షరం, గుణింతంతో కలిపి, సుమారు 11 అంగుళాల వెడల్పు పడుతుంది. ఆ వాక్యంలో పద్దెనిమిది అక్షరాలు, నడుమ ఖాళీలు. లెక్క కడితే 17 అడుగులు దాటుతుంది. బ్యానరులో పడుతుంది, ఫోటోలో పడదు. 'శ్రీ' తీసేయండి, శ్రీకారం గణపతి బొమ్మ చుడతాడు. 'నామ సంవత్సర' తీసేయండి, ఉగాది పేరుకి ముందు వచ్చేది సంవత్సరం పేరని అందరికీ తెలుసు. 'సంబరాలు' తీసేయండి, చేసుకుంటే చాలు. 'పరాభవ ఉగాది' మిగిలింది. ఏడు అక్షరాలు, ఏడడుగుల లోపల సరిపోతుంది. దాని కింద 'హోసూరు 2026', దాని పక్కనే ఇంగ్లీషులో అదే ఊరు, అదే మాట, నాలుగు అంగుళాల పెద్దక్షరాలతో. అంకెల్లో సంవత్సరం తప్పకుండా ఉండాలి. విశ్వావసు 2025లో వచ్చింది, 1965లోనూ వచ్చింది. పేరు ఒక్కటే ఉంటే రేపు మన మనవళ్ళు రంగు చూసి ఊహించుకోవాలి.

ఈ రెండు వరసలకూ కలిపి రెండున్నర అడుగులు కావాలి, పైన మిగిలింది 9 అంగుళాలు కదా అంటారు. బ్యానరును రెండడుగులు పైకి కట్టండి. కింది అంచు స్టేజీ పలకను ఎందుకు తాకాలి? ఆ ఖాళీలో మామూలు గుడ్డ వేలాడదీస్తే సరి. అప్పుడు పై అంచు 10 అడుగులు. తల పైన 2 అడుగుల 9 అంగుళాలు మిగిలింది, అక్షరాలు పట్టాయి. ఫోటోగ్రాఫరును 12 అడుగుల నుంచి 24 అడుగులకు వెనక్కి జరగమని చెప్పండి, ఆయన దగ్గర జూమ్ ఉంది. అప్పుడు తల బ్యానరు మీద 6 అడుగుల నాలుగున్నర అంగుళాల దగ్గరే ఆగుతుంది, ఇంకో పది అంగుళాలకు పైగా చేతికొస్తుంది. ముందు వరస పెద్దలకు ఆయన అడ్డం రాడు కూడా. మంటపంలో పైకి కట్టే ఎత్తు లేకపోతే 20 అడుగులకు 6 అడుగుల బ్యానరే చేయించి పైభాగంలో కట్టండి. 160 చదరపు అడుగుల బదులు 120కి డబ్బు కట్టొచ్చు. స్టేజీ మీద రంగు టేపు ముక్క ఒకటి అతికించి, సన్మానాలన్నీ దాని మీద నిలబెట్టి చేయండి. లేకపోతే మైకు పక్కన మూల మీద చేసి, ఫోటోలో తెర చెంగు పడుతుంది.

మరి ముఖాలు, దాతల పేర్లు? ఇక్కడే అసలు గొడవ అని నాకు తెలుసు. డబ్బు ఇచ్చినవాళ్ళ పేరు ఉండాలి, నేను కాదనను. కానీ ఇప్పుడు ఎక్కడ ఉంది? బ్యానరు కింది భాగంలో, ఒకటిన్నర అంగుళం అక్షరాలతో, కుర్చీల వెనక. స్టేజీ మీద పదిమంది కూర్చున్న క్షణం నుంచి అది లేదు. దాన్ని గౌరవం అనడం దాతను ఎగతాళి చేయడమే. గుమ్మం దగ్గర, గంధం పన్నీరు బల్ల పక్కన, ఆరడుగుల స్టాండీ ఒకటి పెట్టండి. లోపలికి వచ్చే ప్రతి మనిషీ అయిదడుగుల దూరం నుంచి చూస్తాడు. అక్కడ ఒక అంగుళం అక్షరం ఎంతో పెద్దది. దాతలను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీయండి, పేరూ ముఖమూ రెండూ పడతాయి. ఇంత మేలైన చోటు ఇస్తామంటే వద్దు, స్టేజీ మీదే ఉండాలి అనే పెద్దమనిషికి కావాల్సింది పేరు కాదు, ఇంకేదో.

ఎల్‌ఈడీ గోడ పెడితే ఇవేవీ ఉండవని యువకులు అంటున్నారు. వెనక వరసకు అది బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఫోటోలో మాత్రం గోడ వెలుగుకి కెమెరా సర్దుకుని ముందున్న ముఖాలు నల్లబడతాయి, లేదా ముఖాలకు సర్దుకుంటే గోడ తెల్లబడుతుంది. చుక్కల మధ్య గళ్ళు కెమెరాలో అలలు అలలుగా పడతాయి. పైగా సన్మానం వేళకు గోడ మీద ఏదో వీడియో నడుస్తుంటుంది, పండగ పేరు ఉండదు. మనిషి నిలబడే ఎత్తు, కెమెరా దూరం అక్కడా అవే.

చివరిగా దుకాణం గండం. మన ఫ్లెక్స్ దుకాణాల్లో కూర్చునే పిల్లలకు తమిళం, కన్నడం వస్తుంది, తెలుగు రాదు. వాళ్ళను తప్పు పట్టలేం, చదవలేని అక్షరాన్ని ఎవరు సరిచూస్తారు? మనం వాట్సాప్‌లో పంపిన మాటను వాళ్ళు తమ సాఫ్ట్‌వేరులో అతికిస్తారు. దక్షిణాది లిపులకు సర్దుబాటు చేయని పాత ఫోటోషాప్ అయితే వత్తు కిందికి దిగదు. 'విశ్వావసు' పోయి 'విశ్‌వావసు' అవుతుంది, 'సంవత్సర' పోయి 'సంవత్‌సర' అవుతుంది. అను ఫాంటులో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల ఊబి. దీనికి మందు ఒకటే. అక్షరాలను తెలుగు చదివే మనిషి తన దగ్గరే పేర్చి, కోరల్‌డ్రాలో `Convert to Curves`, ఇలస్ట్రేటరులో `Create Outlines` కొట్టి, పీడీఎఫ్ చేసి పంపాలి. ఆ తరవాత అవి అక్షరాలు కావు, బొమ్మలు, ఏ కంప్యూటరులోనూ విరగవు. తిరిగి దిద్దడానికి కూడా కుదరదు కాబట్టి అసలు ఫైలు దాచుకోండి. వేరే ఊరి నుంచి ఇది చదివే మనవాళ్ళకు, సోలాపురంలో మరాఠీ దుకాణమైనా, బరంపురంలో ఒడియా దుకాణమైనా ఇదే పద్ధతి.

'పరాభవ ఉగాది'లో వత్తు లేదు, అదృష్టం. కానీ 'భ' ఉంది. దాని కింది గీత వత్తు కన్నా చిన్నది. అది పోతే 'పరాబవ' అని చదువుతారు. డిజైను గుంపులో పడగానే ఫోను నిలువుగా, అడుగు దూరంలో పెట్టి ముందు ఆ గీత చూడండి. అది తెలిస్తే మిగిలినవి తెలుస్తాయి. తెలియకపోతే చప్పట్ల బొమ్మ పెట్టకండి, 'భ కనపడలేదు' అని రాయండి. ఈసారి వేరే మంటపం అంటున్నారు. వచ్చే ఆదివారం నేను టేపు తీసుకుని పోతున్నాను, ఆఖరి వరస దూరం, స్టేజీ ఎత్తు, పైన కట్టే కమ్మీ ఎత్తు, మూడూ కొలిచి గుంపులో పెడతాను. ఆ మూడు అంకెలు వచ్చేదాకా దుకాణానికి అడ్వాన్సు ఇవ్వొద్దని కార్యవర్గానికి మనవి.